బీట గోడలో, తప్పు డ్రాయింగులో: ఒంగోలు దగ్గర ఒక కొత్త ఇంటి కేసు

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేలలో కట్టిన ఇంటికి బీట వచ్చిందంటే అందరి వేళ్ళూ ముందుగా మేస్త్రీ వైపే తిరుగుతాయి. సిమెంటు తగ్గించాడనో, నీళ్ళు సరిగ్గా కొట్టలేదనో, ఇటుక మంచిది కాదనో అంటారు. డ్రాయింగు ఇచ్చిన ఇంజనీరు పేరు ఆ మాటల్లో అరుదుగా వస్తుంది. ఈ కేసులో నా కక్షిదారు కూడా అలాగే మేస్త్రీ మీద కేసు వేయమని నా దగ్గరకు వచ్చారు. చివరకు బాధ్యత ఇంజనీరు మీద తేలింది. నేలలో ఉన్న తప్పును కాగితం మీద ఎలా రుజువు చేశామన్నదే ఇక్కడ రాస్తున్నాను. పక్షాలను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

కక్షిదారు పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు. పట్నానికి ఆనుకుని ఉన్న ఒక ఊళ్ళో నాలుగు సెంట్ల స్థలంలో కింద ఒకటి, పైన ఒకటిగా రెండు పోర్షన్లు కట్టించుకున్నారు. డిజైనుకూ పర్యవేక్షణకూ కలిపి ఇంజనీరుకు 65,000 రూపాయలు ఇచ్చారు. మేస్త్రీకి అడుగు లెక్కన కూలీ మాట్లాడుకుని, సామాను తానే కొన్నారు. 2022 ఫిబ్రవరిలో పునాది గుంతలు తీశారు. సరిగ్గా ఏడాదికి, 2023 మాఘంలో గృహప్రవేశం జరిగింది. ఆ జూన్‌లో నైరుతి పడకగదిలో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా, ఇటుకల కీళ్ళ వెంట మెట్లు మెట్లుగా మొదటి బీట కనిపించింది.

సాధారణంగా ఇలాంటి కేసుల్లో కక్షిదారులు నా దగ్గరకు ఫోన్‌లో నలభై ఫొటోలతో వస్తారు. ఏ ఫొటో ఎప్పటిదో, ఏ గోడదో వారికే తెలియదు. మాస్టారు మాత్రం బీట చివర ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిలుతో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేశారు. టూవీలర్ మెకానిక్ దగ్గర ఫీలర్ గేజ్ అడిగి తెచ్చుకుని, దాని రేకులు కలిపి బీటలో దూర్చి, ఎన్ని పట్టాయో లెక్కగట్టి వెడల్పు కూడా రాశారు. 2023 జూన్‌లో 1 మిల్లీమీటరు, అక్టోబరులో 2.5, డిసెంబరు మధ్యలో 1.2, 2024 మే నెలలో 4. గోడ మీది ఈ నాలుగు అంకెలు తర్వాత కేసులో ఎంత పనికొచ్చాయో ఆ రోజు ఆయనకు తెలియదు. నిజం చెప్పాలంటే, మొదటిసారి చూసినప్పుడు నాకూ తట్టలేదు.

ఆ అంకెల్లో ఉన్న విషయం ఏమిటంటే, ఈ బీట నేల ఎండినప్పుడు తెరుచుకుని, బాగా తడిసినప్పుడు మూసుకుంటోంది. సిమెంటు తక్కువై వచ్చిన బీటకూ, పూత ఆరిపోయి వచ్చిన సన్నని పగులుకూ ఈ ఊపిరి ఉండదు. అవి ఒకసారి వచ్చి అలాగే ఉండిపోతాయి. నేల కదులుతుంటేనే గోడ ఇలా రుతువును బట్టి కదులుతుంది. పైగా బీట పైభాగంలో వెడల్పుగా, కిందకు వచ్చేసరికి సన్నగా ఉంది. గది లోపల ఎక్కడుందో బయట కూడా సరిగ్గా అక్కడే ఉంది. ఇంటి మూల కిందకు కుంగుతున్నప్పుడు కనిపించే ఆకారం ఇది. నల్లరేగడి పొలంలో ఏప్రిల్, మే నెలల్లో కాలు పట్టేంత నెర్రెలు పడటం ఈ ప్రాంతంలో అందరూ చూసేదే. ఆ నేలే ఇంటి పడమటి గోడ కిందా ఉంది. ఇంటి నడుమ నేల మీద ఎండ పడదు కనుక తేమ నిలుస్తుంది. పడమటి అంచున ఎండి కుదించుకుపోతుంది. ఆ అంచు మీద నిలబడ్డ పిల్లర్లు నేలతో పాటే దిగుతాయి.

ఇది నా అభిప్రాయం మాత్రమే. కేసు వేయబోయే వినియోగదారుల కమిషన్ ముందు నిలబడాలంటే నిపుణుడు కావాలి. ఇంజనీరింగ్ కళాశాలలో భూసాంకేతిక విభాగంలో పనిచేసి విరమించిన ఒక ప్రొఫెసరు గారిని నియమించుకున్నాం. ఆయన చేసిన పనుల్లో మూడింటిని మాత్రం వివరిస్తాను, ఎందుకంటే కేసంతా వాటి మీదే నిలిచింది.

మొదటిది, మేస్త్రీ పనిని పరీక్షించడం. ఇది మా కక్షిదారుకు నచ్చలేదు. "తప్పు చేసినవాడి పని బాగుందని మనమే రుజువు చేస్తామా, లాయరు గారూ?" అని అడిగారు. కానీ ఇంజనీరు తీసుకోబోయే మొదటి వాదన మేస్త్రీయే కనుక ఆ దారి ముందే మూయాలి. పడమటి వైపు ఒక పునాదిని పక్క నుంచి తవ్వి చూశారు. లోతు నాలుగున్నర అడుగులు, వెడల్పు నాలుగు అడుగులకు నాలుగు అడుగులు, అంటే డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టే. కాంక్రీటులో మూడు కోర్లు, అంటే గుండ్రటి నమూనా ముక్కలు, కోసి ప్రయోగశాలలో నలగ్గొట్టించారు. డ్రాయింగు అడిగింది ఎం20, అంటే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం ఉన్న కాంక్రీటు. కోర్ల సగటు చదరపు మిల్లీమీటరుకు 18.1 న్యూటన్లు వచ్చింది. కోర్ల సగటు నిర్దేశిత బలంలో 85 శాతానికి తగ్గకూడదని కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది, అంటే ఇక్కడ 17. ఏ ఒక్క కోరూ 75 శాతానికి తగ్గకూడదన్న రెండో షరతు కూడా సరిపోయింది. కడ్డీల లెక్కా సరిపోయింది. చెప్పింది చెప్పినట్టు కట్టిన ఇల్లు కుంగిందంటే, చెప్పినదాంట్లోనే తప్పుంది.

రెండోది, మట్టి పరీక్ష. పడమటి గోడ బయట ఆగర్ అనే మట్టి తోడే బరమాతో నాలుగున్నర మీటర్ల దాకా తోడి చూశారు. పైనుంచి 3.2 మీటర్ల దాకా నల్లరేగడే. ఆ కింద మొరం తగిలింది. ఆ నల్లమట్టి ఎంత ఉబ్బుతుందో తేల్చడానికి ఐఎస్ 2720 నలభయ్యో భాగంలో చాలా తేలికైన పరీక్ష ఉంది. ఆరబెట్టి జల్లించిన మట్టిని పదేసి గ్రాముల చొప్పున రెండు గాజు కొలపాత్రల్లో వేసి, ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో కిరోసిన్ పోసి, ఒక రోజు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్ళలో ఉబ్బుతుంది. మర్నాడు కిరోసిన్ పాత్రలో మట్టి 10 గీత దగ్గర, నీళ్ళ పాత్రలో 21 గీత దగ్గర ఉంది. అంటే ఉబ్బు 110 శాతం. నూరు దాటితే ఆ నేలను ప్రమాదకరమైన కోవలో పెట్టాలని ఐఎస్ 1498 వర్గీకరణ చెబుతుంది. ఆ రెండు పాత్రలనూ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో మా దస్తావేజుల్లో ఒకటి. అరవై పేజీల నివేదిక కంటే ఆ ఫొటోనే ఎక్కువసేపు చూశారని విచారణలో గమనించాను.

మూడోది, మట్టాలు. నేలమట్టం దగ్గర పిల్లర్లను కలిపే ప్లింత్ బీము మీద పన్నెండు పిల్లర్ల దగ్గరా నీళ్ళ ట్యూబుతో మట్టం తీశారు. 2024 మే నెలలో నైరుతి మూల పిల్లరు, దాని పక్క పిల్లరు కంటే 21 మిల్లీమీటర్లు కిందకు ఉంది. రెంటి మధ్య దూరం 3.6 మీటర్లు. విడివిడి పునాదుల మీద నిలిచే కాంక్రీటు కట్టడానికి ఐఎస్ 1904 అనుమతించే తేడా ఆ దూరానికి అయిదున్నర మిల్లీమీటర్లకు మించదు. అయితే ఈ కొలతకు ఒక బలహీనత ఉంది. బీము పోసిన రోజే అది వాలుగా ఉండి ఉండవచ్చు కదా అని అవతలి పక్షం అడిగితే ఒక్క కొలతతో జవాబు చెప్పలేం. అందుకే ప్రొఫెసరు గారు వానలు పడ్డాక డిసెంబరులో మళ్ళీ వచ్చి, అవే గుర్తుల దగ్గర మట్టం తీశారు. తేడా 12 మిల్లీమీటర్లకు తగ్గింది. ఏడు నెలల్లో 9 మిల్లీమీటర్లు పైకి లేవడం మేస్త్రీ పనితనం వల్ల జరిగేది కాదు. నల్లరేగడి కేసుల్లో ఒక వేసవి, ఒక వాన చూడకుండా నివేదిక ఇచ్చే నిపుణుణ్ణి నేను ఆ రోజు నుంచీ తీసుకోవడం మానేశాను.

ఇక ఇంజనీరు ఇచ్చిన డ్రాయింగు సంగతి. పునాదుల షీటులో కుడివైపు కింద చిన్న అక్షరాల్లో ఒక నోటు ఉంది: నేల మోయగల బరువు చదరపు మీటరుకు 20 టన్నులుగా అనుకున్నామని. నాలుగడుగుల పునాది ఆ అంకె నుంచే వచ్చింది. ఒకటిన్నర చదరపు మీటర్ల పునాది అడుగుభాగానికి మీటరుకు ఇరవై చొప్పున ముప్పై టన్నులు, పిల్లరు బరువు సరిపోయింది. గట్టి ఎర్రనేలకు అది పెద్ద తప్పు కాదు. నల్లరేగడికి మాత్రం ఆ అంకె చాలా ఎక్కువ. అయినా అసలు తప్పు అంకెలో కంటే లోతులో ఉందని ప్రొఫెసరు గారు స్పష్టంగా రాశారు. నల్లరేగడిలో ఎండావానలకు తేమ మారే పొర మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది. నాలుగున్నర అడుగుల పునాది ఆ కదిలే పొర మధ్యలోనే కూర్చుంది. దాన్ని ఎంత వెడల్పు చేసినా నేలతో పాటు పైకీ కిందకూ పోతుంది. దీనికి కొత్త విద్యేమీ అక్కరలేదు. గుంతను మొరం దాకా దించడమో, లేదా రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఎన్నో ఏళ్ళ కిందటే రూపొందించిన, అడుగున గంట ఆకారంలో విప్పారే అండర్ రీమ్డ్ పైల్స్ వేయడమో సరిపోయేది. ఆ పద్ధతికి ఐఎస్ 2911 మూడో భాగం ఉంది. పైల్ పొడవు కనీసం మూడున్నర మీటర్లు ఉండాలనీ అందులోనే ఉంది. అలా కట్టి ఉంటే ఈ ఇంటికి మరో 1,80,000 రూపాయలు అయ్యేదని ప్రొఫెసరు గారి అంచనా.

డిజైను తప్పు అయినంత మాత్రాన నిర్లక్ష్యం కాదు. వృత్తి నిపుణుడి నిర్లక్ష్యానికి సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో చెప్పిన కొలబద్దే ఇంజనీరుకూ వర్తిస్తుంది. అది వైద్యుడి కేసే అయినా, తీర్పులో న్యాయవాదులనూ ఆర్కిటెక్టులనూ కలిపే చెప్పారు: తనకు ఉందని చెప్పుకున్న నైపుణ్యం లేకపోవడమో, ఉన్న నైపుణ్యాన్ని ఆ వృత్తిలో సాధారణ సామర్థ్యం గలవాడు చూపేపాటి శ్రద్ధతో వాడకపోవడమో ఉండాలి. ఈ ఇంజనీరు మట్టి పరీక్ష చేయించి, ఆ ఫలితం చూసి, ఫలానా కారణంతో తక్కువ లోతు చాలనుకుని ఉంటే, అది తర్వాత తప్పని తేలినా అంచనా దోషం అని వాదించుకునేవారు, మేం ఓడిపోయే అవకాశం కూడా ఉండేది. ఆయన అసలు ఏ అంచనా వేసుకున్నట్టూ కనిపించలేదు. అది చూపించడమే మా పని.

ఆ పని మా కోసం చేసిపెట్టింది మేస్త్రీ. ఇంజనీరును ఒకటో ప్రతివాదిగా, మేస్త్రీని రెండో ప్రతివాదిగా చేర్చాం. ఇంజనీరు ఒక్కరినే చేరిస్తే, కట్టినవాణ్ణి వదిలేశారన్న అభ్యంతరం వచ్చేది. పైగా ప్రతివాదిగా ఉన్న మేస్త్రీ తనను తాను కాపాడుకోవడానికైనా నోరు విప్పుతాడు. విప్పాడు. తన జవాబుతో పాటు, సైటులో మడతలు చిరిగి సిమెంటు మరకలు అంటిన డ్రాయింగు ప్రతినీ, ఫోన్‌లోని వాట్సాప్ సందేశాలనూ దాఖలు చేశాడు. గుంతలు తీస్తున్న రోజు అతను గుంత ఫొటో పెట్టి, "సార్, అయిదడుగులైనా నల్లమట్టే వస్తావుంది, ఇంకా దించాలా?" అని అడిగాడు. అటునుంచి వచ్చిన జవాబు: "వద్దు. నాలుగున్నర దగ్గర ఇసుక పరిచి పీసీసీ వేసెయ్." పీసీసీ అంటే పునాది కింద కడ్డీలు లేకుండా పోసే కాంక్రీటు పొర. తవ్విన గుంతను తిరిగి అర అడుగు పూడ్చి మరీ పునాది వేశారన్నమాట. ఆ ఇసుక పొర పక్కనుంచి వచ్చే నీటిని పునాది అడుగుకు తీసుకుపోయే దారి కూడా అయింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కనుక భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతపరిచారు. వినియోగదారుల కమిషన్ సాక్ష్య చట్టాన్ని అంత కచ్చితంగా పట్టించుకోనవసరం లేకపోయినా, అప్పీలులో ఆ మాట రాకుండా చూసుకోవడం మంచిది.

కేసును సివిల్ కోర్టుకు కాక ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు తీసుకెళ్ళడానికి కారణం ఖర్చూ కాలమూ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కమిషన్ ఆర్థిక పరిధి చూసేది మనం అడిగే నష్టపరిహారాన్ని కాదు, సేవకు చెల్లించిన ప్రతిఫలాన్ని. ఇంజనీరు ఫీజూ మేస్త్రీ కూలీ కలిపి 4,65,000 రూపాయలు. ప్రతిఫలం అయిదు లక్షల లోపు కనుక దాఖలు రుసుము లేదు. ఈ తేడా తెలియక అడిగే మొత్తాన్ని బట్టి పరిధి లెక్కవేసి తప్పు కమిషన్‌కు వెళ్ళేవారిని ఇప్పటికీ చూస్తున్నాను. కాలపరిమితి రెండేళ్ళు. మొదటి బీట 2023 జూన్‌ది. మేం 2025 జనవరిలో దాఖలు చేశాం కనుక ఆ వాదన తలెత్తలేదు.

ఇంజనీరు జవాబులో నాలుగైదు వాదనలు ఉన్నాయి గానీ పట్టు ఉన్నవి రెండే. విషయం సంక్లిష్టం కనుక సివిల్ కోర్టుకు పొమ్మనాలన్నది మామూలుగా వచ్చేదే. నిపుణుల సాక్ష్యాన్ని అఫిడవిట్ల ద్వారా, ప్రశ్నావళుల ద్వారా తీసుకుని కమిషనే తేల్చవచ్చని జె.జె. మర్చంట్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది కనుక అది నిలవలేదు.

మొదటి గట్టి వాదన తుపాను. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, మా ప్రాంతమంతా తడిసి ముద్దయింది, అది దైవికమైన విపత్తు కనుక తన బాధ్యత లేదన్నారు. చదవగానే నాకూ కొంచెం బెరుకు కలిగింది. గోడ మీది పెన్సిలు అంకెలు అప్పుడు అక్కరకొచ్చాయి. బీట మొదలైంది తుపానుకు ఆరు నెలల ముందు. తుపాను తర్వాత అది పెరగలేదు సరికదా, 2.5 నుంచి 1.2కు తగ్గింది. తుపాను ఈ ఇంటి బీటను మూసింది. తర్వాతి ఎండాకాలం దాన్ని తెరిచింది. పెన్సిలు రాతలు తర్వాత రాసుకున్నవేమోనన్న అనుమానానికి, ఆయా తేదీల్లో మాస్టారు అమెరికాలోని కూతురికి పంపిన ఫొటోలు సమాధానమయ్యాయి.

రెండోది, మట్టి పరీక్షను యజమానే వద్దన్నారన్న వాదన. అది ప్రశ్నావళిలో తేలింది. 20 టన్నుల అంకె ఎక్కడిదని అడిగాం. "ఈ ప్రాంతంలో సాధారణంగా తీసుకునే విలువ" అని రాతపూర్వకంగా జవాబిచ్చారు. మట్టి పరీక్ష చేయించమని యజమానికి చెప్పారా అంటే, నోటిమాటగా చెప్పానన్నారు. యజమాని వద్దన్నప్పుడు డ్రాయింగు ఎందుకిచ్చారంటే, ఊళ్ళో అందరూ అలాగే కట్టుకుంటున్నారన్నారు. ఆ మూడు జవాబులూ పక్కపక్కన పెట్టి చదివితే వాదించడానికి నాకు పెద్దగా ఏమీ మిగల్లేదు. మట్టి పరీక్షకు మేం ప్రయోగశాలకు కట్టింది 18,000 రూపాయలు. ఆ ఖర్చు యజమాని పెట్టనంటే, కనీసం ఆ మాట కాగితం మీద రాసి సంతకం తీసుకోవలసింది.

అయితే అన్నీ మాకు అనుకూలంగా జరగలేదు. మట్టాలు తీసినప్పుడు ఆగ్నేయ మూల పిల్లరు కుంగడం మాట అటుంచి, 8 మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. కారణం వెతికితే, వంటింటి నీళ్ళకు మాస్టారు ప్లానులో లేని ఇంకుడు గుంతను ఆ పిల్లరుకు నాలుగడుగుల దూరంలో తవ్వించారు. అక్కడి నల్లమట్టి ఏడాది పొడవునా తడిసి ఉబ్బింది. ఈ విషయాన్ని మా నిపుణుడే నివేదికలో రాశారు. తీసేయమని నేను అడగలేదు. అవతలివారు ఎలాగూ కనిపెట్టేవారు, అప్పుడు నివేదిక మొత్తం అనుమానంలో పడేది.

పరిహారం విషయంలో మాస్టారు ఇంటి ఖరీదంతా అడగాలన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇల్లు నిలబడే ఉంది, మరమ్మతుకు లొంగుతుంది. కమిషన్ నియమించిన అడ్వొకేట్ కమిషనర్ వచ్చి ఇంటి స్థితి నమోదు చేసుకున్నాక, తీర్పు కోసం ఆగకుండా 2025 ఫిబ్రవరి, మార్చి నెలల్లో పని చేయించాం. పడమటి వరుస పిల్లర్ల కింద ఒక్కొక్కటిగా తవ్వి, మొరం దాకా కాంక్రీటు దించారు. ఇంటి చుట్టూ నీరు దిగకుండా ఆరడుగుల వెడల్పున గచ్చు చేశారు. ఇంకుడు గుంతను ప్రహరీ మూలకు మార్చారు. బీటలు కుట్టి, పూతలు వేశారు. మొత్తం 11,40,000 రూపాయలు. అంచనా కాగితం కంటే చెల్లించిన బిల్లులకు బలం ఎక్కువ.

కమిషన్ సేవాలోపాన్ని ఇంజనీరు మీద నిర్ధారించి, మేస్త్రీ మీద ఫిర్యాదు కొట్టేసింది. బిల్లుల మొత్తం నుంచి 1,80,000 తీసేసింది. మొదటే సరైన పునాది వేసి ఉంటే యజమాని ఆ ఖర్చు పెట్టుకోవలసిందే కదా అన్న ప్రతివాది వాదన న్యాయమైనదే. మిగిలిన 9,60,000లో ఇంకుడు గుంత కోసం పది శాతం తగ్గించి 8,64,000, మనోవేదనకు లక్ష, ఖర్చులకు 15,000 ఇప్పించింది. ఇంజనీరు అందులో సగం జమకట్టి రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వెళ్ళారు. అక్కడ ఇంకా వాదనలు జరగలేదు.

మరమ్మతు అయ్యాక పాత బీటలున్న ఏడు చోట్ల ప్రొఫెసరు గారు సన్నని గాజు పట్టీలు అతికించి వెళ్ళారు. గోడ వెంట్రుకంత కదిలినా గాజు పగులుతుంది. ఆ మే నెలాఖరుకు మాస్టారు ఫోన్ చేసి ఆరు పట్టీలు చెక్కుచెదరలేదని చెప్పారు. ఏడోది వంటింటి మూలలో పగిలింది. తడి తగ్గి అక్కడి నేల తిరిగి కిందకు దిగుతోంది.